అద్దంలో ఉన్న మనిషి

దర్జీ దుకాణం పైగదిలో పెళ్లి ఫొటోలు తీసే ఆవిడకు వీధిలోకి ఒక బోర్డు కూడా లేదు. అడిగితే, “నా బోర్డులన్నీ కాపురాలు చేసుకుంటున్నాయండీ” అని నవ్వేది. అబద్ధం కాదు. తొమ్మిదేళ్లుగా ఆమె ఫొటోలు తీసిన జంటల్లో ఒకరు చెల్లెల్ని పంపితే, ఇంకొకరు ఆఫీసులో పక్కసీటు పిల్లను పంపేవారు. పెళ్లయిన కొన్నాళ్లకు ఫోన్ చేసి, “మీ ఆల్బం పదిమందికి చూపించుకోనా? రీల్ పెట్టుకోనా? ఏ ఫొటో వద్దో చెప్పండి” అని అడిగేది. వద్దన్నది వద్దే.

ఫొటో మీద తన పేరు మాత్రం వేసేది కాదు. ఎక్కడ వేసినా ఎవరి మొహం మీదో పడుతుందని బాధ. ఆల్బం చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాలతో రాసుకునేది. ఆ మర్యాదే ఆమె కొంప ముంచింది.

ఆ రోజు తల్లీకూతుళ్లిద్దరు మెట్లెక్కి వచ్చారు. వాళ్ల ఎదురింటి కొత్త జంట పంపిందట. పెళ్లి పెద్దది, బంధుబలగం ఇంకా పెద్దది. ఆ ఒక్క పెళ్లి కుదిరితే, దాని వెనకే ఏడాది పొడుగునా పని. ఆమె నీళ్లిచ్చి, తను ఫొటోలు తీసిన ఓ బ్యాంకు ఉద్యోగం పిల్ల పెళ్లి ఆల్బం తెరిచి పెట్టింది. నాలుగు పేజీలు తిప్పగానే తల్లి చెయ్యి ఆగిపోయింది. పెళ్లికూతురి మెడలో ఆమె తల్లి గొలుసు కొక్కెం పెడుతున్న ఫొటో అది.

“ఏమ్మా, ఇది మెయిన్ రోడ్డు మీద పెద్ద స్టూడియో వాళ్లది కదూ?”

“కాదండీ, నేనే తీశాను.”

“చాల్లే! పొద్దున్నే చూశాం. చూపించవే” అంది కూతురితో.

ఫోన్లో రీల్. పాట మోగుతోంది. అదే తల్లి, అదే గొలుసు. అడుగున బంగారు అక్షరాల్లో పెద్ద స్టూడియో పేరు! దాని కింద, “ఎంత బాగా తీశారో, మా పెళ్లికీ మీరే” అంటూ జనం.

“ఇంకొకరి ఫొటోలు కాపీ కొట్టి ఆల్బం వేసుకున్నావన్నమాట. చూస్తే నెమ్మదస్తురాలిలా ఉన్నావు!”

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు. ఇక్కడ సోకు స్టూడియోవాడిది, దొంగ అన్న పేరు ఈమెది! ఆ ఒక్క ఫొటో కోసం గంటసేపు గోడకు అంటుకుని మోకాలి మీద కూర్చోవడం గుర్తొచ్చింది. ఆ బ్యాంకు పిల్లకు వీడియో కాల్ చేసింది.

“అక్కా, ఏంటి ఈ టైములో? తింటున్నా” అంది ఆ పిల్ల. సంగతి విని ముద్ద మింగకుండానే అరిచింది. “వాళ్లెవరక్కా? నా పెళ్లికొచ్చుంటే భోజనమైనా పెట్టేదాన్ని కదా! నా పేజీలో పెట్టుకున్న ఫొటో ఎత్తుకుపోయారు.”

“ఫోన్లో ఎవరైనా ఏమైనా అంటారు” అంది తల్లి.

“అయితే పిన్నిగారూ, ఫోన్ నమ్మొద్దు. ఆల్బం చూడండి. ఆ ఫొటో రెండు పేజీల పొడుగుంటుంది. కుడివైపు పేజీలో అద్దం చూడండి.”

ముగ్గురూ వంగారు. కుడి చివర గోడ అద్దంలో, నేల మీద ఒంటి మోకాలిపై కూర్చుని, కెమెరా మొహానికి ఆనించుకున్న ఆడమనిషి. కొంగు నడుముకు దోపి ఉంది. ఎదుట నిలబడిన ఈ ఫొటోగ్రాఫరే.

“ఫొటోలోంచి అద్దం తీసేస్తానంటే నేనే వద్దన్నాను. మా పెళ్లిలో అక్క కూడా ఉంది కదా, ఉండనీ అన్నాను” అంది ఆ పిల్ల ఫోన్లోంచి.

కూతురు తన ఫోన్‌ను ఆల్బం మీద ఆనించి చూసింది. రీల్ నిలువుగా ఉంటుంది కాబట్టి, స్టూడియోవాడు పక్కలు కోసేశాడు. కోసిన పక్కలోనే అద్దం ఉంది.

“అమ్మా, వాడు ఫొటో దొంగిలించి, తీసిన మనిషినే కోసి పారేశాడే!”

ఫొటోలావిడ అక్కడికక్కడే పెద్ద స్టూడియోకి ఫోన్ చేసింది. యజమాని తొణకలేదు. “నెట్లో దొరికిందమ్మా. మీ పని నలుగురూ చూశారు, సంతోషించాలి గాని.”

“ఎవరి పేరు కింద చూశారండీ?”

ఫోన్ పెట్టేశాడు. సాయంత్రానికి రీల్ మాయమైంది. తప్పయిందన్న ఒక్క ముక్క లేదు. పైగా ఈమెను ఆ పేజీలోకి రాకుండా బ్లాక్ చేశాడు! ఇంట్లో దూరి చెంబు ఎత్తుకెళ్లినవాడు, పట్టుబడ్డాక ఇంటావిడ మొహాన తలుపు వేసినట్టుంది. అయితే బ్యాంకు పిల్ల ఊరుకుంటుందా! అద్దంతో సహా మొత్తం ఫొటో పెట్టి, “ఇది తీసింది ఈవిడ” అని రాసింది. దాన్ని చూసి మరో ఆరు జంటలు తమ ఆల్బం చివరి పేజీలు పెట్టాయి.

మర్నాడు ఆ తల్లి మళ్లీ మెట్లెక్కింది. “నోరు జారానమ్మా. మా అమ్మాయి పెళ్లి తారీఖు రాసుకో.”

“రాసుకుంటాను. మీ వాళ్లెవరు ఏ ఫొటో పెట్టుకున్నా కింద నా పేరు రాయాలి. ఇష్టమైతేనే కూర్చోండి.” కోపం ఇంకా చల్లారలేదు.

తల్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. “రాస్తాం. కానీ మా ఇంటి అద్దంలో కూడా నువ్వు పడాలి మరి!”