ఆషాఢం అద్దె

నా చిన్నప్పుడు మా మామ్మ అద్దెకున్న మనిషితో నెల్లాళ్ళూ పలక మీదే మాట్లాడింది. విశాఖపట్నంలో, పోర్టు సైరన్ వినబడేంత దూరంలో మా ఇల్లు. పెరటివైపు గదిలో దిగినాయన గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన కొత్త పెళ్ళికొడుకు. ఇల్లు అద్దెకు తీసుకోవడం ఆయనకు అదే మొదలు. ఒంటరి మగవాళ్ళకు మామ్మ గది ఇచ్చేది కాదు. ఆషాఢమని భార్య పుట్టింట్లో ఉందనీ, శ్రావణం రాగానే కాపరానికి తెచ్చుకుంటాననీ బతిమాలితే, ఈ నెల నీ తీరు చూస్తాను, నచ్చితేనే పిల్లని తెచ్చుకో అంది.

ఆయన రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయేవాడు. డ్యూటీ మనిషిని లేపడం మామ్మకు ఇష్టం లేదు. అందుకని గది గుమ్మం పక్కన నా పాత పలక వేలాడదీసింది. ఆవిడకు చదువు రాదు. చెబితే నేను రాయాలి, ఆయన రాసింది నేను చదవాలి. ఒక్క అక్షరం మార్చినా ఊరుకునేది కాదు కాబట్టి చెప్పింది చెప్పినట్టే రాసేదాన్ని. చాలామటుకు నాకింకా నోటికి వచ్చు.

మామ్మ: "బాబూ, కుళాయి తెల్లారగట్ట వొత్తాది. ముందు తాగడానికి బిందె పట్టుకో, తరవాతే తానానికి. నూతినీళ్ళు ఉప్పన, గిన్నెలు తోమడానికే. గోడకి మేకులు కొట్టకు, కావాలంటే నాకు సెప్పు. తడిబట్టలు పెరట్లో ఆరబెట్టకు, గాలి ఇటు తిరిగితే పోర్టు కాడి ఎర్రదుమ్ము పట్టేత్తాది."

ఆయన: "అలాగేనండి మామ్మగారూ. మాది కాలవగట్టు ఊరు. నీళ్ళు ఒక వేళకి వచ్చి పోతాయని ఇప్పుడే వింటున్నాను. గదిలో బల్బు మాడిపోయింది. మార్పిస్తారా?"

మామ్మ: "బల్బు అద్దెకున్నోలే కొనుక్కోవాల. లోపల వైరు పోతే నాను బాగుసేయిత్తాను. ఇంట్లో పాత బల్బొకటి పడుంది, పంపుతన్నాను."

ఆ పాత బల్బు నేను అప్పుడే కొట్టుకు పరిగెత్తి కొనుక్కొచ్చినది.

ఆయన: "బల్బు పాతదైనా బాగా వెలుగుతోందండి. కిరసనాయిలు స్టవ్ మాత్రం నల్లగా పొగ కక్కుతోంది. గోడ పాడవుతుందేమోనని అన్నం వండటం మానేశాను. అటుకులు తింటున్నాను."

మామ్మ: "ఏటి, డ్యూటీ సేసొచ్చి అటుకులా? వత్తులు ఎచ్చుతగ్గులుగా ఉంటే పొగొత్తాది. అన్నీ సమానంగా కత్తిరించు. గోడకి పొగపడితే నువ్వే సున్నం కొట్టించాల. ఈ పూటకి కేరేజీ గుమ్మంలో ఉంది. గిన్నె తోమి పెట్టు."

ఇలా సాఫీగా సాగిపోతున్న వ్యవహారం ఒక వానరాత్రి చెడింది. కుళాయి ఆయన గదికీ మా సామాన్ల గదికీ మధ్యలో ఉండేది. తెల్లారి మేం లేచేసరికి సామాన్ల గది నిండా నీళ్ళు. ఏడాదికని ఎండబెట్టి దాచిన మిరపకాయల బస్తా అడుగునుంచి తడిసి ఉబ్బిపోయింది. బయట చూస్తే ఎండ జాడ లేదు. మామ్మ ఆ బస్తా పక్కన కూలబడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. డ్యూటీ నుంచి వచ్చిన ఆయన చీపురు పట్టుకుని నీళ్ళన్నీ తోసి, తలెత్తి మాట్లాడలేక పలక తీసుకున్నాడు.

ఆయన: "మామ్మగారూ, రాత్రి వెళ్ళేముందు బిందె పెట్టి కుళాయి తిప్పాను. నీళ్ళు రాలేదు. రాలేదు కదా అని కట్టకుండా వెళ్ళిపోయాను. తర్వాత వస్తాయన్న ఆలోచనే తట్టలేదు. తప్పు నాదే."

మామ్మ: "నీళ్ళు రాని కుళాయినే ముందు కట్టాల. నీకు ఇల్లు సూసుకోడం రాదు. శ్రావణం వొచ్చీలోగా గది కాళీ సేసీ."

రాస్తుంటే నా చెయ్యి ఆగింది. మామ్మ పలక వంకే చూసి, చదవలేకపోయినా, ఆగిన చోటు పట్టేసింది. రాయమంది. రాశాను.

ఆయన: "ఖాళీ చేస్తానండి. మిరపకాయలు నా గదిలో చాపల మీద ఆరబోసి ఫ్యాను వేశాను. కుంపటి కూడా పెట్టాను. ఆరేదాకా నేను వరండాలో పడుకుంటాను. ఇల్లు దొరక్కపోతే మా ఆవిడ రాక ఇంకా వెనక్కి పోతుంది. అందుకని రేపటినుంచి ఇళ్ళు చూస్తాను."

ఇల్లంతా తుమ్ములు. తుమ్ముల మధ్యనే మామ్మ జవాబు చెప్పింది.

మామ్మ: "వరండాలో దోమలు. తెర పంపుతన్నాను. సింపితే కుట్టించాల."

ఆయన: "అదృష్టం కొద్దీ ఇల్లు దొరికిందండి. గోడలకు కొత్తగా సున్నం వేశారు. ఇంటాయన నవ్వుతూ మాట్లాడారు. రేపు అడ్వాన్సు ఇచ్చేస్తాను."

ఇది చదివి వినిపించగానే మామ్మ బస్తా తడిసినప్పటికంటే ఎక్కువ మండిపడింది. పలక చాలక వెనక్కి తిప్పి కూడా రాశాను.

మామ్మ: "అడ్వాన్సు ఇవ్వకు! సున్నం సూసి, నవ్వు సూసి ఇల్లు తీసుకుంతారేటి? వానాకాలంలో సున్నం ఏసారంటే సెమ్మ దాత్తన్నారు. గోడ అడుగున మూలల్లో సెయ్యి పెట్టి సూడు. కుళాయి ఎప్పుడొత్తాదో ఇంటోలిని అడక్కు, పక్కింటోలిని అడుగు. కరెంటుకి మీటరు ఏరేనా, బల్బుకింతనా? దొడ్డి ఎంతమందికి? నువ్వు రాత్రి డ్యూటీకెల్తే పిల్ల ఒక్కర్తీ ఉంటాది, లోపలి గడియ ఏసి లాగి సూడు. అర్ధరాత్రి దానికి జొరమొత్తే పిలిత్తే పలికీవోలు గోడ పక్కన ఉన్నారా? ఇయన్నీ సూసినాకే డబ్బులు తియ్యి. రసీదు అడుగు. కాళీ సెయ్యాలంటే ఎన్నాళ్ళ ముందు సెప్పాలో అది కూడా."

రెండు రోజులు పలక ఖాళీగా ఉంది. మామ్మ నీళ్ళకు వెళ్ళే నెపంతో అటు తొంగిచూస్తూనే ఉంది. మూడోనాడు ఆరిన మిరపకాయలు బస్తాకెత్తి గుమ్మంలో పెట్టి ఉన్నాయి. పలక కూడా నిండుగా ఉంది.

ఆయన: "మీరు చెప్పినట్టే తిరిగానండి. సున్నం వేసిన ఇంట్లో మూలన చెయ్యి పెడితే తడి. రెండోదానికి గడియ ఊడి చేతికొచ్చింది. ఇంకోచోట కుళాయికి వీధంతా వరస. అన్నీ సరిగ్గా ఉన్న ఇల్లు ఒక్కటే దొరికింది. గోడలు పొడి, గడియ గట్టిది, రాత్రి పిలిస్తే పలికేవాళ్ళు ఉన్నారు. ఇంటావిడ మాత్రం బాగా కోపిష్టి. ఆ గదిలో ఉన్న తెలివితక్కువవాడు శ్రావణానికి ఖాళీ చేస్తున్నాడట. నాకు ఇప్పిస్తారా?"

నేను చదవడం పూర్తయ్యాక మామ్మ మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

మామ్మ: "కోపిష్టి అన్న ముక్క సెరిపీసి మల్లీ రాయి."

ఆయన: "ఇంటావిడ పరమ శాంతమూర్తి."

మామ్మ: "అబద్దాలాడీవోలికి నాను ఇల్లు ఇవ్వను. ముందు రాసిందే ఉంచు. పిల్లని ఏ బండికి తీసుకొత్తన్నావో సెప్పు. ఆరోజు మీ పొయ్యి ఎలిగించొద్దు, వంట నాను సేత్తాను."

ఆ పలక ఏమైపోయిందో నాకు గుర్తు లేదు. ఆ నెలంతా మామ్మ చెప్పిన మాటలన్నీ నా చేత్తో రాయబట్టి ఒకటి మాత్రం ఒంటబట్టింది. పొమ్మన్న మనిషి ఎక్కడికి పోతాడో అని ఆవిడ కోపంలోనే ఆలోచించింది. నాకూ కోపం తక్కువేం కాదు. ఉద్యోగంలోనూ ఇంట్లోనూ చాలామందిని పొమ్మన్నాను. కానీ అన్న మరుక్షణం, పాపం వీళ్ళు వెళ్ళే చోట గడియ సరిగ్గా పడుతుందా అనిపిస్తుంది, అడిగి తీరాలనిపిస్తుంది. అలా అడగడం వల్లనే, నేను పొమ్మన్న వాళ్ళలో చాలామంది ఇప్పటికీ నా దగ్గరే ఉన్నారు.