నోటిమాట మీద పాలమిషను

నన్ను ఆ ఉద్యోగంలోకి తీసుకున్నది నా చదువు చూసి కాదు, నా తెలుగు విని. మాది వ్యాసర్పాడి. తరాలుగా మద్రాసులోనే ఉన్న కుటుంబం కావడంతో మా ఇంట్లో మాటకు ముందూ వెనకా అరవం దొర్లుతూ ఉంటుంది. ఆవులకు పాలు పితికే మిషన్లు అమ్మే ఆ కంపెనీ ఆఫీసు షోళింగనల్లూరులో ఉండేది. మేనేజరు విజయవాడ వాడు. ఇంటర్వ్యూలో నేను నోరు తెరవగానే నవ్వాడు.

"ఈ యాసే కావాలండీ మాకు. సరిహద్దులో ఊత్తుకోట వైపు పల్లెల్లో ఆడవాళ్ళు ఇలాగే మాట్లాడతారు. పాలు పితికేది వాళ్ళే. మీరు చెబితే నమ్ముతారు" అన్నాడు.

అంతకు ముందు వెళ్ళిన కుర్రాళ్ళు రంగు కాగితాలు పంచి, మైకులో ఊదరగొట్టి ఒక్క మిషను కూడా అమ్మలేక తిరిగొచ్చారట. నేను కాగితాలు తీసుకెళ్ళలేదు. ఊళ్ళో అందరూ ఎవరి మాట వింటారో ముందు కనుక్కున్నాను. పాలకేంద్రంలో పాలు కొలిచి, వెన్న శాతం చూసే ఒక ఆవిడ ఉందని చెప్పారు. నలభై దాటిన మనిషి, భర్త లేడు. ఇంట్లో ఒక్క జెర్సీ ఆవు. ఏళ్ళ తరబడి పితికి పితికి ఆవిడ కుడిచేతి వేళ్ళు పొద్దున లేస్తే ముడుచుకునేవి కావు. నేను ఆవిడను అక్కా అని పిలిచేదాన్ని.

మొదటి నాలుగైదు సార్లు మిషను సంగతే ఎత్తలేదు. టీ తాగి, ఆవు గురించి అడిగి వచ్చేశాను. తర్వాత మిషను తీసుకెళ్ళినా, ఆవుకు తగిలించలేదు. ఆ మోటారు చప్పుడుకు అలవాటు పడేవరకు కొట్టం బయటే ఉత్తినే తిప్పించాను. లేకపోతే ఆవు బెదిరి పాలు ఎగబట్టేస్తుంది. ఆ చప్పుడుకే వీధిలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

"చన్నులు పీకేస్తాదా ఇది?" అని ఒకామె అడిగింది.

"మీ బొటనవేలు ఇందులో పెట్టండి" అంటూ ఒక కప్పు చేతికిచ్చాను. ఆ కప్పులోపల మెత్తటి రబ్బరు ఉంటుంది. అది దూడ నోటిలాగా పట్టి వదిలి, పట్టి వదిలి లాగుతుంది. అక్కే ముందు వేలు పెట్టింది. కాసేపు కదలకుండా నిలబడి, "దూడ చీకినట్టే ఉండాది" అంది. ఆ మాటతో అందరూ వేళ్ళు పెట్టి చూశారు. పొదుగు కడిగి, మొదటి ధారలు చేత్తో పిండి, కప్పులు తగిలించాను. గాజులాంటి గొట్టంలో తెల్లగా పాలు పరుగెత్తడం చూసి ఒక ముసలామె చెంపలు వేసుకుంది.

వాళ్ళు మిషన్లు కొనడానికి తీసుకున్న అప్పు కూడా నా మాట మీదే నడిచింది. ఫైనాన్సు వాళ్ళు ఆడవాళ్ళందరినీ ఒక గుంపుగా చేసి, ఒకరికొకరిని పూచీ పెట్టారు. అక్క ఆ గుంపుకు లీడరు. పాల డబ్బులు బ్యాంకులో పడగానే కంతు అందులోంచే పోతుంది.

"ఏమైనా అయితే ఎవురొస్తారు?" అని అక్క ఒక్కటే అడిగింది.

"నెలనెలా మెకానిక్కు వస్తాడక్కా, కంపెనీలో చెప్పినారు" అన్నాను. చెప్పిన మాట నిజమే. కొన్ని నెలలు వచ్చాడు కూడా.

ఆ తర్వాత కంపెనీ ఖర్చు తగ్గించుకుంది. మెకానిక్కులను తీసేసి, ఆ పని తిరువళ్ళూరు డీలరుకు అప్పగించింది. కప్పుల్లో ఉండే రబ్బరును కొన్ని నెలలకోసారి మార్చాలి. అది అరిగి సాగిపోతే పట్టి వదలడం మానేసి ఊరికే పీకుతుంది. చన్నులు పగుళ్ళిస్తాయి, పొదుగువాపు వస్తుంది. డీలరును అడిగితే స్టాకు లేదన్నాడు. బయట దొరికే రబ్బరు మా కప్పులకు సరిపోలేదు. ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చారు. దానికి ఫోను చేస్తే రికార్డు చేసిన గొంతొకటి హిందీలో, ఇంగ్లీషులో ఏ అంకె నొక్కాలో చెప్పేది. నేను మేనేజరు చుట్టూ తిరిగాను. "చూద్దామండీ, వచ్చే వారం" అనేవాడు.

అక్కడ ఒక్కో ఇంట్లో ఆవులు జబ్బుపడ్డాయి. పాలల్లో పలుకులు, కొన్ని చోట్ల నెత్తురు. మందు వాడినన్నాళ్ళు పాలు కేంద్రానికి పోయకూడదు. వాటిని తిప్పి పంపాల్సింది అక్కే. మిషను కొనమని చెప్పిన మనిషే ఇప్పుడు పాలు వద్దంటోంది. ఆడవాళ్ళు మిషన్లు మూలకు నెట్టి మళ్ళీ చేత్తో పితకడం మొదలుపెట్టారు కానీ కంతు మాత్రం ఆగలేదు. అక్క ఆవుకు ఒక చన్ను పూర్తిగా ఎండిపోయింది.

సరిగ్గా అప్పుడే మేనేజరు పక్క ఊళ్ళో కొత్త డెమో పెట్టాడు. "మీ అక్కగారిని తీసుకురండి. ఆవిడ నాలుగు మాటలు మాట్లాడితే వీడియో తీద్దాం" అన్నాడు.

నేను అక్కకు ఫోను చేసి, "నువ్వు రాకున్నా ఏం కాదక్కా" అన్నాను.

"వస్తాను పాపా" అంది.

బస్సులో వచ్చింది. కెమెరా ముందు నిలబెట్టారు. కొట్టం నిండా జనం. అక్క కప్పు అందుకుని, తన బొటనవేలు పెట్టి అందరికీ చూపించింది.

"మిషన్ మంచిదే. ఇదో, నొప్పి లేదు. ఇది కొత్త రబ్బరు. పాతబడినాక ఎవురు మారుస్తారని వీళ్ళనడగండి. మా ఊరికి ఎవురూ రాలేదు. నేను చెప్పినానని మావాళ్ళు కొన్నారు. ఇప్పుడు నా మొగం చూడరు" అంది. గొంతు పెంచలేదు.

మేనేజరు ముందుకొచ్చి, "ఫోను నంబరు ఇచ్చాం కదమ్మా" అన్నాడు.

"నంబరు వచ్చి రబ్బరు మారుస్తాదా?" అని గుంపులోంచి ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే పిల్లల్ని చంకనేసుకుని వెళ్ళిపోయారు. కట్టేసిన ఆవు, తిరుగుతున్న మోటారు, మేమూ మిగిలాం.

తిరిగొచ్చేటప్పుడు కారులో మేనేజరు నన్ను తిట్టలేదు. "ఆమె తప్పు కాదు. నా చేతుల్లో ఏముంది చెప్పండి" అని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆ నెలాఖరుకు నన్ను మాన్పించారు. కొన్నాళ్ళకు ఆ మిషన్లు అమ్మడమే ఆపేశారు.

అప్పు మాత్రం ఆగలేదు. గుంపులో ఇద్దరు కట్టలేకపోయారు. ఫైనాన్సు మనిషి పాలకేంద్రం వాకిట్లో, పాలు పోయడానికి అందరూ వరుసలో ఉండగా, మోటారుసైకిలు ఆపుకుని కూర్చునేవాడట. పూచీ ఉన్నందుకు వాళ్ళ కంతులు కట్టడానికి అక్క తన ఆవును అమ్మేయడానికి సిద్ధపడింది. ఆ మాట తెలిసి వెళ్ళాను.

నేను చేరేసరికి వ్యాను వచ్చేసి ఉంది. మూడు చన్నుల ఆవని బేరగాడు ధర సగానికి కోశాడు. అక్క ఆ ధరకే ఒప్పుకుంది.

"కాసేపు ఉండన్నా. పొదుగు నిండుకోనుండాది. దారిలో నొప్పి పెడతాది" అంది.

గొంతుక్కూర్చుని, ముడుచుకోని ఆ వేళ్ళతోనే పితికింది. చెయ్యి మార్చి మార్చి, మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటూ. నేను పితుకుతానంటే వద్దని తల ఊపింది. ఆవు ఆవిడ భుజం నాకుతూ నిలబడింది. పితకడం అయ్యాక అక్కే తాడు పట్టుకుని వ్యాను ఎక్కించింది.

వ్యాను మలుపు తిరిగాక చేతులు కడుక్కుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సాయంత్రం పాలవేళ అయింది. పాలకేంద్రానికి వెళ్ళి తన పాలు ముందు కొలుచుకుని, కుర్చీలో కూర్చుంది. ఆడవాళ్ళు క్యానులతో వరుసలో వచ్చారు. ఆమె కొలిచి అంకె చెప్పేది, వాళ్ళు తల ఊపి కదిలిపోయేవాళ్ళు. అంతకు మించి ఒక్క మాట లేదు. నేను ఆఖరు బస్సు వచ్చేదాకా ఆ గోడ పక్కనే నిలబడి ఉన్నాను.