మేనేజరుగారి వెంట వెళ్ళిన అకౌంటు

మా నాన్నకు బ్యాంకు మీద నమ్మకం లేదు, మేనేజరు మీదే ఉండేది. వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేలు కొట్టు మాది. నాన్నకు నచ్చిన మేనేజరుకు ట్రాన్స్‌ఫరయితే, నాన్న అకౌంటు మూసేసి ఆయన వెళ్ళిన బ్రాంచిలో కొత్తది తెరిచేవారు. ఆ మేనేజరుగారు చివరికి గవర్నర్‌పేటలో తేలారు. నాన్న అకౌంటు కూడా అక్కడే తేలింది.

రెండువేల ఐదు, ఆరు ప్రాంతంలో నాకు ఎంసీఏలో సీటొచ్చింది. ముందు ఒక ప్రైవేటు కాలేజీలో ఫీజు కట్టాం. తర్వాత అంతకంటే మంచి కాలేజీలో వచ్చింది. మొదటి కాలేజీ వాళ్ళు వాపసిచ్చే డబ్బుతోనే రెండోచోట కట్టాలి, ఎందుకంటే నాన్న చేతిలో ఉన్నదంతా పెళ్ళిళ్ళ సీజన్ సరుకులో పడి ఉంది. చివరి తేదీలోగా కట్టకపోతే ఆ సీటు ఇంకొకరిది.

వాపసు అప్లికేషన్‌లో నాన్న అకౌంటు నంబరు నేనే రాశాను. బీరువాలో దొరికిన పాస్‌బుక్కులో చూసి రాశాను. అది వన్ టౌన్ బ్రాంచిలో నాన్న ఎప్పుడో మూసేసిన అకౌంటుది. అందులో ఎక్కడా మూసేసినట్టు లేదు.

వారమైనా డబ్బు రాలేదు. నాన్న మొదటి కాలేజీకి వెళ్ళారు.

"పంపించేశామండీ. ఇదిగో ట్రాన్సాక్షన్ నంబరు," అన్నాడు అక్కడి అకౌంటెంటు.

నాన్న వన్ టౌన్ బ్రాంచికి వెళ్ళి, నా డబ్బు మీరే దాచారన్నారు. కౌంటర్లో ఉన్నాయన చాలా మర్యాదగా, మీకిక్కడ అకౌంటే లేదు కదండీ అన్నాడు. నాన్న ఇంకోసారి గట్టిగా అడిగారు. అకౌంటు లేకపోవడం మారలేదు.

ఆఖరికి గవర్నర్‌పేట మేనేజరుగారి దగ్గరకు నన్నూ తీసుకెళ్ళారు. ఆయన ట్రాన్సాక్షన్ నంబరు చూసి, పాత బ్రాంచికి ఫోను చేసి, అంతా విని పెట్టేశారు.

"మూసేసిన అకౌంటులో డబ్బు పడదండీ. పంపినవాళ్ళకే తిరిగి వెళ్ళిపోయింది. కాలేజీ వాళ్ళ బ్యాంకు స్టేట్‌మెంటులో జమల వైపు చూడమనండి. అకౌంటు మూసేశారని రాసి ఉంటుంది."

"మరి వాళ్ళు పంపించేశామన్నారే?"

"పంపారు. తిరిగొచ్చింది చూసుకోలేదు."

నాన్న మేనేజరుగారిని దేవుణ్ణి చూసినట్టు చూశారు. ఆయన కొంచెం ఇబ్బంది పడి, నేను వచ్చే మార్చిలో రిటైరవుతున్నానండీ అని గుర్తుచేశారు.

"అయితే మీ ఇంటి పక్కన ఏ బ్యాంకుందో చెప్పండి," అన్నారు నాన్న.

కాలేజీ అకౌంటెంటు స్టేట్‌మెంటు తెప్పించి చూశాడు. డబ్బు నిజంగానే అక్కడే కూర్చుని ఉంది. మళ్ళీ పంపాలంటే కొత్త నంబరుతో ఒక ఉత్తరం, పాస్‌బుక్కు జెరాక్సు ఇమ్మన్నాడు. "ఈసారి పాప పేరు మీదే ఇవ్వండి. మీ అకౌంట్లతో మావల్ల కాదండీ," అని కూడా అన్నాడు.

నాకు అకౌంటు లేదు. నాన్న నన్ను నేరుగా గవర్నర్‌పేటకే తీసుకెళ్ళారు. ఫారం నింపాం. నన్ను ఎరుగుదునని ఇంట్రడ్యూసరుగా సంతకం చేయడానికి నాన్న పెన్ను తీశారు. క్లర్కు వివరాలు చూసి, మీ అకౌంటు మొన్ననే తెరిచిందండీ, ఆర్నెల్లయినా దాటాలి, మీరు పెట్టకూడదు అంది. ఊరంతా అకౌంట్లు తెరిచిన మనిషి కన్నకూతురు ఫలానా అని చెప్పడానికి పనికిరాలేదు. ఆయన పెన్నుకు మూత పెట్టి నిలబడ్డారు. నాకు నవ్వు రాలేదు, భయమేసింది. సీటు చేజారుతోందని అప్పుడే నమ్మాను.

ఇంటికి వచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ చేతులు తుడుచుకుని, చీర మార్చుకుని, పదండి అంది. మమ్మల్ని గవర్నర్‌పేటకు కాదు, వన్ టౌన్ బ్రాంచికి తీసుకెళ్ళింది. కౌంటర్లో ఆ మర్యాదస్థుడే లేచి, రండమ్మా అన్నాడు. అమ్మ సంచిలోంచి పాస్‌బుక్కు తీసి, నా ఫారం మీద సంతకం చేసింది.

నాన్న ఆ పాస్‌బుక్కు వంకే చూస్తున్నారు. "ఎప్పట్నుంచి?"

"మీరు మొదటిసారి మూసేసినప్పటి నుంచి. ఇంట్లో ఒకరిదైనా ఒకచోట ఉండాలిగా."

కొత్త నంబరు కాలేజీకి ఇచ్చాక డబ్బు నా అకౌంటులో పడింది. గడువుకు ముందురోజు ఆ కౌంటర్లోనే డీడీ తీసుకున్నాను. సీటు దక్కింది. ఆ రోజు నాకు అమ్మ మీద పొంగిన ప్రేమ ఇప్పటికీ అలాగే ఉంది, నాన్న మీద జాలి కూడా.

డీడీతో బయటికొచ్చి ముగ్గురం ఇంటికి నడిచాం. మా వీధి మలుపులో నాన్న ఆగి, "ఇంతకీ నీ అకౌంటులో ఎంతుందే?" అన్నారు.

"మీకెందుకండీ, మూసేయడానికా?" అంది అమ్మ.