శుక్రవారం తెరుచుకోని కంప్యూటర్

మా ఆయన కువైట్‌లో ఏసీ మెకానిక్. నేను జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. మాకు పిల్లలు లేరు. శుక్రవారం ఆయనకు సెలవు కాబట్టి, నేను బడి నుంచి వచ్చాక వీడియో కాల్‌లో మాట్లాడుకునేవాళ్లం. గదిలో తోటివాళ్లు పడుకుని ఉంటారని ఆయన మిద్దె మీదికి ఎక్కేవాడు. గంట తిరక్కుండానే, సెలవునాడు చేసే పైపనికి తీసుకుపోయే వ్యాన్ వచ్చేది.

ఫోన్ తెరలో ఆయన ముఖం నాకు సరిగా ఆనేది కాదు. ప్రశ్నపత్రాలు టైపు చేయడానికి కొన్న కంప్యూటర్ తెర మీదయితే గడ్డంలో తెల్ల వెంట్రుకలు కూడా కనిపించేవి. అందుకని చిన్న కెమెరా తగిలించి దాని మీదే చేసేదాన్ని. కొన్నాళ్లకు అది మొరాయించడం మొదలుపెట్టింది. బటన్ నొక్కితే నల్లటి తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. నేను అన్నం వండి, గిన్నెలు కడిగి వచ్చినా తెరుచుకునేది కాదు. తెరుచుకున్నాక కూడా ఏది నొక్కినా పలికేది కాదు. ఈలోగా ఆయన ఫోన్ చేసేవాడు.

“యాడికొచ్చింది?”

“చుక్కలు తిరుగుతాండాయి మామా.”

“తిరగనీలే. వస్తాది.”

చాలా శుక్రవారాలు మా మాటలు అవే. ఒకసారి ఎట్టకేలకు బొమ్మ వచ్చేసరికి ఆయన మెట్లు దిగుతున్నాడు. గోడ, మెడ, చొక్కా కాలరు కనిపించాయి. “వ్యానొచ్చింది మే, మళ్ల చేస్తా” అని పెట్టేశాడు. తర్వాత చాలాసేపు ఆ తెర ముందే కూర్చున్నాను.

కంప్యూటర్‌లో ఏది ఎంత పనిలో ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూడమని బడిలో ఒక టీచర్ చెప్పింది. ఏ ప్రోగ్రామూ తెరవకపోయినా డిస్క్ దగ్గర నూరు శాతం అని ఉంది. నిండిపోయిందేమో అనుకుని, ఆయనకు ఇష్టమని దాచిన పాత సినిమాలన్నీ తీసేశాను. ఆ నూరు తగ్గలేదు.

సెలవు రోజు చూసుకుని సీపీయూను దుప్పట్లో చుట్టి ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఒళ్లో పెట్టుకుంటే పక్కనున్న ఆమె, “ఏంది మా అది, మిషనా?” అని అడిగింది. కంప్యూటర్ అన్నాను. ఆ వారంలో బడి బయట, ఆయన కాక, నన్ను ఎవరైనా ఏదైనా అడిగింది అదే. ఇంకేమన్నా అడుగుతుందేమోనని చూశాను. ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

రిపేరు షాపాయన దాన్ని తన మానిటర్‌కు తగిలించి చూశాడు. కంప్యూటర్‌తో పాటు తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాములను ఆపాడు. ఫైళ్లను వెతికి పెట్టుకునే విండోస్ సర్వీసునూ ఆపి కాసేపు ఆగాడు. తేడా లేదు.

“నిండిందనుకొని శానా తీసేసినానప్పా” అన్నాను.

“ఆ నూరు నిండిందని కాదక్కా, డిస్క్‌కు తీరిక లేదని. చూడు, తీరిక లేదంటాంది గానీ చదివేది మాత్రం ఏమంత లేదు.”

ఇంకో ప్రోగ్రాంతో డిస్క్ ఆరోగ్యం చూశాడు. పసుపు రంగులో హెచ్చరిక వచ్చింది.

“కొన్ని చోట్ల చెడిపోయింది. ఆడ చదవలేక మళ్ల మళ్ల అదే చోట చూస్తాంది. దాని వెనక మిగతా పనులన్నీ నిలబడిపోతాండాయి. దీన్నింకా సతాయించకూడదు. ముందు నీ ఫైళ్లు బయటికి తీస్తా. తర్వాత దీని బదులు ఎస్ఎస్‌డీ అని కొత్తరకం డిస్క్ వేసి విండోస్ కొత్తగా ఎక్కిస్తా.”

సీపీయూను అక్కడే వదిలి వచ్చాను. ఇంట్లో బల్ల మీద అది ఉన్న మేర దుమ్ము లేకుండా నలుచదరంగా మిగిలింది. తుడవబుద్ధి కాలేదు. ఫైళ్లు దాదాపు అన్నీ దక్కాయని, రెండు మూడు ఫోటోలు మాత్రం తెరుచుకోలేదని షాపాయన తర్వాత ఫోన్ చేసి చెప్పాడు. పోయి తెచ్చుకున్నాను.

ఆ శుక్రవారం బటన్ నొక్కి కుర్చీ లాక్కునేలోపే కంప్యూటర్ తెరుచుకుంది. ఆయన ఇంకా మిద్దె ఎక్కలేదు.

“అప్పుడే వచ్చినావే” అన్నాడు ఆయాసపడుతూ.

తిన్నావా, తిన్నా. ఎండలెట్లుండాయి, శానా ఉండాయి. బడి సంగతి చెప్పాను, కొత్త మేస్త్రీ సంగతి చెప్పాడు. అంతే, అయిపోయాయి. గంటలో ఇంకా చాలా మిగిలి ఉంది. ఇన్నాళ్లూ మా మాటలన్నీ ఆ చుక్కలే మింగేశాయనుకున్నాను. ఇప్పుడు చుక్కలు లేవు, మాటలూ లేవు.

“ఏమన్నా చెప్పు” అన్నాడు.

“బడి విడిచినాక, మళ్ల పొద్దున బడికి పోయేదాకా నా నోట్లోంచి మాట రాదు మామా. మాట్లాడేది మర్చిపోయినానేమో.”

ఆయన మిద్దె అవతలికి చూశాడు.

“గదిలో ఐదుగురం ఉంటాం. ఎవరి ఫోన్ వాళ్లది. నాదీ అంతే.”

ఇంక పెట్టేయనా అని అడిగాను.

“వద్దు. నీ పని నువ్వు చేసుకో. నేను చూస్తాంటా.”

తెల్లగడ్డలు తెచ్చి తెర ముందు కూర్చుని ఒక్కో వెల్లుల్లి రెబ్బ పొట్టు తీశాను. ఆయన పిట్టగోడకు ఆనుకుని చూస్తూ ఉన్నాడు. తలెత్తినప్పుడల్లా అక్కడే ఉన్నాడు. కాసేపటికి కింద నుంచి వ్యాన్ హారన్ వినిపించింది. ఇద్దరం విన్నాం. రెండోసారి మోగేదాకా ఆయన కదల్లేదు.