అందరికీ థ్యాంక్స్, ఒక్కరికి తప్ప

ఉద్యోగం మానేసినప్పుడు టీము వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన వీడ్కోలు మెసేజిలో ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఆ సంగతి చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను. అందులో ఒక మనిషిని కావాలనే వదిలేశానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రాజమండ్రిలో వ్యవసాయ మోటార్లు అమ్మే కంపెనీ బ్రాంచిలో చాలా ఏళ్లు సేల్స్‌లో ఉన్నాను. అటు పోలవరం నుంచి ఇటు సామర్లకోట దాకా డీలర్ల దగ్గరికి తిరగడం నా పని. వేరే కంపెనీలో అవకాశం వస్తే రాజీనామా ఇచ్చాను. నోటీసు నెల చివర్లో మెసేజి రాయడానికి కూర్చున్నాను. మొదట రాసింది ఎంతకీ తెమలని ఫిర్యాదుల పురాణంలా తయారైంది. పక్క సీటు సర్వీసు ఇంజనీరు చదివి ఫోను నా చేతిలో పెట్టేశాడు.

"ఏంటండీ ఇది? వీడ్కోలా, కోర్టు నోటీసా?"

"ఉన్నదే రాశానండి."

"ఉన్నది ఎగ్జిట్ ఇంటర్వ్యూలో హెచ్ఆర్‌కి చెప్పుకోండి. గ్రూపులో ఉండేది మనుషులు. కలిసి తిన్నదీ తిరిగిందీ రాయండి, చాలు."

బుద్ధిగా అంతా చెరిపేసి మళ్లీ రాశాను.

"అందరికీ నమస్కారమండీ. ఈ రోజుతో మీకు నా గోల వదులుతోంది. గోడౌను బాబాయ్ గారూ, మీ ఆవకాయ లేకపోతే నా క్యారేజీ ఏనాడూ ఖాళీ అయ్యేది కాదు. ఇంజనీరు గారూ, నేను అమ్మడమే గాని ఆ మోటార్లు తిరిగింది మీ వల్ల. మేనేజరు గారూ, నా టూర్ ప్లాన్లు నమ్మారంటే మీది చాలా పెద్ద మనసు. నా నంబరు మారదు. ఎప్పుడు కలిసినా టీ ఖర్చు నాదే."

మధ్యలో ఊడ్చే ఆవిడకీ, డ్రైవరుకీ కూడా తలో వాక్యం రాశాను. ఆర్డర్లూ స్టాకూ చూసే మేడమ్‌కి మాత్రం లేదు. ఆవిడ చేసిన నేరం ఒకటుంది. డీలర్ల మీటింగులో, దాళ్వా పంటకి ముందే మోటార్లు పంపిస్తానని నిడదవోలు డీలరుకి నేను మాటిచ్చేశాను. ఆవిడ అందరి ముందూ, "ఆ మోడలు స్టాకులో లేదండి. సారు మాటైతే ఇవ్వగలరు గానీ మోటారు ఇవ్వలేరు" అంది. హాలంతా నవ్వింది. ఆ నవ్వుని నేను ఏడాదిపాటు పెంచి పోషించాను. తిట్టకుండా వదిలేశాను కదా, అదే పెద్దమనిషి తరహా అనుకున్నాను.

మా బ్రాంచిలో ఒక అలవాటుంది. వెళ్లిపోయేవాళ్లు ఆఖరి రోజు భోజనాల వేళకి గ్రూపులో మెసేజి పెడతారు, దాన్ని అక్కడే పైకి చదువుతారు. చదివేది ఎప్పుడూ మేడమే. ఆదివారాలు లూథరన్ చర్చిలో వాక్యం చదివే గొంతు ఆవిడది. ఇది తెలిసి కూడా, రాసేటప్పుడు నా బుర్రలో పగకి తప్ప దేనికీ చోటు మిగల్లేదు.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, నా రాతకి లేని అందం కూడా కలిపి చదివింది. ఆవకాయ దగ్గర అందరూ నవ్వారు. "టీ ఖర్చు నాదే" అన్నాక, ఇంకా ఏమైనా ఉందేమోనని బొటనవేలితో తెరని ఒకసారి పైకి తోసి చూసింది. అక్కడ ఏమీ లేదు.

"మరి మేడమ్ గారి సంగతేదండీ?" అన్నాడు గోడౌను బాబాయ్.

"పొడుగైపోతుందని ఆపేసుంటార్లెండి. పూతరేకులు తీసుకోండి" అందావిడ.

"మర్చిపోయానండి" అన్నాను నేను. అనేసి రెండు పూతరేకులు తిన్నాను కూడా. సాయంత్రానికి నన్ను గ్రూపులోంచి తీసేశారు.

కొత్త కంపెనీ తరఫున నిడదవోలు వెళ్తే ఆ డీలరు నవ్వాడు. "ఇకనుంచి కొంచెం చూసుకుని మాటివ్వండి సార్. ఇదివరకైతే మీరు మాటిచ్చి వెళ్లాక మేడమ్ గారు ఫోన్ చేసేవారు. ఏది వస్తుందో, ఏది రాదో చెప్పి, 'ఆయన మనసు మంచిదండి, తొందరెక్కువ' అనేవారు. ఆవిడ మాట మీదే మీతో వ్యాపారం చేశాం."

మర్నాడు ఆవిడకి క్షమాపణ మెసేజి టైపు చేసి చెరిపేశాను. ఆవిడకి అవమానం అందరూ వినేలా జరిగింది. క్షమాపణ ఆవిడ ఫోనులో గప్‌చుప్‌గా ఎలా సరిపోతుంది? భోజనాల వేళకి పాత ఆఫీసుకి వెళ్లాను.

"ఏంటండీ, అక్కడ అప్పుడే పంపించేశారా?" అన్నాడు ఇంజనీరు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నేను నిలబడే చెప్పాను.

"మేడమ్ గారూ, ఆ రోజు మర్చిపోయానన్నది అబద్ధమండి. మీటింగులో మీరన్న మాటకి కోపం పెట్టుకుని, కావాలనే మీ గురించి రాయలేదు. నేను ఇష్టమొచ్చినట్టు మాటలిస్తుంటే, డీలర్ల దగ్గర నా పరువు కాపాడింది మీరు. పైగా ఆ మెసేజి మీ చేతే చదివించాను. తప్పయిపోయిందండి. నన్ను క్షమించండి."