జమ్లి పరామర్శకు పోయిన తీరు

జూలూరుపాడు దగ్గరి తండాలో ఉండే జమ్లి, సుగుణమ్మగారి చేలో ఏండ్లుగా పత్తి ఏరింది. సుగుణమ్మ భర్త పోయిండని తెలిసి పరామర్శకు బయల్దేరింది.

కోడలు మోతీ తెల్లచీర తెచ్చింది. "అద్దాల బట్టలు వద్దత్తా, ఇది కట్టుకో. గాజులు గూడ తియ్యి."

"గాజులు తీస్తే నా మొగడు గూడ పోయిండనుకుంటరు బిడ్డా. చీర నాకు అలవాటు లేదు," అంది జమ్లి.

అద్దాలు రాలి వెలిసిపోయిన పాత లంగా వేసుకుంది. బిళ్లల దండ, మోగే కడియాలు విప్పి పెట్టెలో పెట్టింది. చేతుల నిండా ఉన్న గాజులు కనబడకుండా ముదురురంగు దుప్పటి కప్పుకుంది.

వెళ్లి చప్పుడు లేకుండా పక్కన కూర్చుంటే, సుగుణమ్మ "వచ్చినవా జమ్లీ" అని ఆమె భుజం మీద వాలి, పొద్దుటినుంచి ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.

ఆ తర్వాత తండాలో ఎవరు పరామర్శకు పోతున్నా, "ఎట్ల పోవాల్నో మా అత్తనడిగి పోండి" అనేది మోతీ.