చినిగిపోయిన ఆకులోని గీతి

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. మగ్గం గుంతలో కూర్చుని ముప్పై ఏళ్ళు నేశాను. చేతికి తగలనిదాన్ని ఏనాడూ నమ్మలేదు. ఇది మాత్రం జరిగింది, అదీ పట్టపగలు, వందమంది ముందర.

మాది నగరి. నలభై అయిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది నా కూతురు సరళ. అప్పుడు అది తొమ్మిదో తరగతి. ఆ తరువాత పాత కాగితాల అంగడిలో ఒక చిన్న పద్యాల పుస్తకం దొరికింది. అచ్చయి నూరేళ్ళు. కవి పేరున్న అట్ట లేదు, చివరి ఆకూ లేదు. అందులో మిగిలిన ఆఖరి సీసపద్యం నాకు కంఠతా వచ్చింది. కరువులో ఊరు విడిచిపోతున్న ఒక పడుచువాడు దారి మలుపులో నిలబడతాడు. అంతే కథ.

ఎనభైల మొదట్లో సరళ తిరుపతిలో డిగ్రీ చదువుతూ సాహిత్య సంఘానికి కార్యదర్శి అయింది. పాత పద్యం నేటి పిల్లలకు ఎందుకు పనికొస్తుందో పావుగంట మాట్లాడమని నన్నే పిలిపించింది. నేతగాడికేం తెలుసని తెలుగు మాస్టారు అన్నాడట. అది పంతం పట్టింది.

హాలు గుమ్మంలో నా చొక్కా సర్దుతూ చెప్పింది: "నాయనా, తెలిసింది చెప్పు చాలు. పండితుడి మాదిరి నటించొద్దు. ఆయన ముందర నా తల వంగకూడదు."

వేదికెక్కి మొదట రాగం తీయలేదు. కలిసిపోయిన మాటలు విడగొట్టి చదివాను. రెండోసారి పాత మాటలకు అర్థం చెప్పాను. మూడోసారి రాగంతో పాడుతూ మగ్గం తొక్కినట్లు కాలు తట్టాను. సీసం పాదానికి రెండు ముక్కలు, ముక్కకు నాలుగు గణాలు. మొదటి గణం మొదటి అక్షరానికి మూడో గణం మొదటి అక్షరం జత పడాలి. మగ్గంలో పేక నూలు మోస్తూ కుడి నుంచి ఎడమకు పోయిన నాడె తిరిగొచ్చినట్లన్నమాట. పిల్లలు కూడా కాళ్ళు తట్టారు.

అప్పుడు అడిగాను, మీలో హాస్టలు వాళ్ళెందరని. సగానికి పైగా చేతులెత్తారు. ఈ కవి పొమ్మనలేదు, పోవద్దనలేదు, మలుపులో నిలబెట్టి ఊరుకున్నాడు, మీరు బస్సెక్కిన రోజు ఎట్లా ఉండిందో మిమ్మల్నే అడిగి చూడండి అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అక్కడితో దిగిపోదామనుకున్నాను. నా తప్పు అక్కడే ఉంది. సీసమంటే నాలుగు పాదాల కింద ఒక తేటగీతో ఆటవెలదో ఉండి తీరాలి, లేకుంటే అది పూర్తి పద్యం కాదు. నా పుస్తకంలో ఆ గీతి చినిగిన ఆకుతో పోయింది. ఎవరూ గమనించరులే అనుకున్నాను.

వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "పెద్దాయనా, సీసమన్నాక కింద గీతి ఉండాల గదా? యాడ పోయినాది?"

ఇంకొకడు అందుకున్నాడు. "నగరి చీరకు అంచు మర్సిపోయినార్రా!"

హాలంతా గొల్లుమంది. మాస్టారు కలం మూత పెడుతున్నాడు. సరళ తల దించుకుంది.

ఆకు చినిగిపోయిందని చెప్పడానికే నోరు తెరిచాను. వచ్చింది పద్యం. నాలుగు పాదాల తేటగీతి, ఎక్కడా తడబడకుండా, నా గొంతుతోనే. మలుపులో ఆ పడుచువాడు కూలబడి అరికాల్లో ముల్లు తీసుకుంటున్నాడు. కాలిలో ముల్లు లేదు. వెనక నిలబడి చూస్తున్నవాళ్ళకు కన్నీళ్ళు కనబడకూడదని వంగాడు.

మాస్టారు కలం మూత తీసి, నాచేత మళ్ళీ చెప్పించుకుని నోటుబుక్కులో రాసుకున్నాడు. గొల్లుమనిపించినవాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

నేనే కట్టానని సరళ మురిసిపోయింది. మర్నాడు ఇంట్లో కూర్చుని ఇంకో గీతి కట్టి చూశాను. ఒక్క పాదంలోనూ యతి పడలేదు. మా నాయనకు పద్యాలు రావు. మా అక్కను అడిగితే, ఇంట్లో అట్లాంటిది ఎవరూ పాడలేదంది.

ఏడాది తిరిగాక మాస్టారే నగరికి వచ్చాడు. చిత్తూరులో ఒక ముసలి బడిపంతులు దగ్గర అదే పుస్తకం చివరి ఆకుతో సహా దొరికింది. తన నోటుబుక్కు పక్కన పెట్టి చూపించాడు. ముల్లుతో సహా అవే నాలుగు పాదాలు. అక్షరం తేడా లేదు.

"ఇంతకు ముందు యాడో సదివింటావప్పా, బాగా గుర్తు తెచ్చుకో," అన్నాడు.

"నలభై అయిదేళ్ళ దాకా నాకు అక్షరమే రాదు సామీ. ఆ తరువాత ఈ పుస్తకం ఇదొక్కటే చూసినా."

సరళకు చిత్తూరులో టీచరు ఉద్యోగం వచ్చింది. బస్సు కదిలేటప్పుడు నేను చెప్పు సర్దుకుంటున్నట్లు వంగాను. అది కిటికీలోంచి తల బయటపెట్టి, "ముల్లా, నాయనా?" అని నవ్వింది.

ఆ ముల్లేమిటో నాకు ఆరోజు తెలిసింది. ఆ పద్యం నా నోటికెట్లా వచ్చిందో ఈరోజుకీ తెలియదు.